లిమిట్ ఆర్డర్ల సగటు ధర లెక్క తేడా

> "ఒక క్రిప్టో కాయిన్‌కి 100, 80, 60 దగ్గర ఒక్కోటి రూ.6,000కి లిమిట్ ఆర్డర్ పెట్టాను. ధర 60 తాకి పైకి వచ్చింది. సగటు 80 ఉండాలి కదా, 88.89 అని ఎందుకు చూపిస్తోంది?"

మీ మూడో ఆర్డర్ నిండలేదు. ధర 60 తాకినంత మాత్రాన కొనుగోలు జరగదు. అదే ధర దగ్గర మీకంటే ముందు పెట్టినవాళ్లు క్యూలో ఉంటారు, అమ్మకాలు వాళ్లకే సరిపోయి ఉంటాయి.

1. ముందు ఓపెన్ ఆర్డర్స్ చూడండి. 60 ఆర్డర్ ఇంకా అక్కడే ఉంటుంది.

2. నిండినవాటి కాయిన్లు లెక్కపెట్టండి. చాలామంది వదిలేసేది ఇదే, ధరల్ని కూడి భాగించేస్తారు.

```
6000/100 = 60
6000/80  = 75
12000/135 = 88.89
```

3. మూడోది కూడా నిండితే మరో 100 కాయిన్లు వస్తాయి. అప్పుడు కూడా సగటు 80 కాదు:

```
18000/235 = 76.60
```

ఒకే మొత్తం డబ్బు పెడితే కింది ధరలో కాయిన్లు ఎక్కువ వస్తాయి కాబట్టి సగటు అటువైపు లాగుతుంది. ఒక్కో ఆర్డర్‌లో కాయిన్ల సంఖ్య సమానంగా పెడితేనే 80.

4. మూడోది సగమే నిండితే (రూ.3,000, 50 కాయిన్లు) 15000/185, అంటే 81.08.

ఫీజు ఇందులో కలపలేదు. ఈసారి 60 బదులు 60.5 పెట్టి చూడండి, గుండ్రని అంకెల దగ్గర క్యూ మరీ పొడవు.