లాభంలో ఉన్న ఆల్ట్‌కాయిన్: ఎక్కడ ఎంత అమ్మాలి, స్టాప్ ఎప్పుడు జరపాలి?

ప్రశ్న: ఒక ఆల్ట్‌కాయిన్‌ని 2 డాలర్ల చొప్పున స్పాట్‌లో 1000 కొన్నాను. స్టాప్ లాస్ 1.70 దగ్గర ఉంది. ధర 2.50 దాకా వెళ్లి 2.20కి దిగి, ఇప్పుడు 2.85కి వచ్చింది. పైన 3.10, 3.80 దగ్గర పాత రెసిస్టెన్స్‌లు ఉన్నాయి. ఒకసారి ఇలాంటి లాభమే కళ్ల ముందు కరిగిపోయింది. ఇంకోసారి స్టాప్ మరీ దగ్గరగా పెట్టి బయటపడ్డాక కాయిన్ రెట్టింపైంది. ఈసారి ఎంత అమ్మాలి? స్టాప్ ఎక్కడికి జరపాలి?

జవాబు: ముందు ఈరోజు చేయాల్సింది చెబుతాను. 300 కాయిన్లు 2.85 దగ్గరే అమ్మేయండి. ఇక్కడి నుంచి 3.10కి పావు డాలరే దూరం. కింద చూస్తే, స్టాప్ పెట్టడానికి అర్థమున్న చోటు 2.20 కంటే కిందే ఉంది. అంటే దగ్గర్లో వచ్చేది కాయిన్‌కి 25 సెంట్లు, చేజారగలిగింది 70 సెంట్ల పైన. ఈ లెక్కతో మొత్తం 1000 కాయిన్లూ పట్టుకుని కూర్చోవడం నాకు నచ్చదు. 300 అమ్మితే 255 డాలర్ల లాభం చేతికొస్తుంది. ఈ ట్రేడ్‌లో మీరు మొదట పోగొట్టుకోవడానికి సిద్ధపడింది 300 డాలర్లు. దాదాపు అంత డబ్బు ఇప్పుడే బయటికి వచ్చేస్తుంది కాబట్టి మిగతా కాయిన్ల విషయంలో టెన్షన్ తగ్గుతుంది, నిర్ణయాలు నిదానంగా తీసుకోగలుగుతారు.

ఇప్పుడు స్టాప్ సంగతి. ధర 2.50 నుంచి 2.20కి దిగినప్పుడు ఆ 2.20కి ఇంకా విలువ లేదు. అది కాసేపు ఆగిన చోటు మాత్రమే, అక్కడి నుంచి ఇంకా కిందికి కూడా పోయి ఉండొచ్చు. ఎప్పుడైతే ధర మళ్లీ లేచి 2.50 దాటి, డెయిలీ క్యాండిల్ ఆ పైన ముగిసిందో, అప్పుడు 2.20 దగ్గర కొన్నవాళ్లు గట్టివాళ్లని తేలింది. స్ట్రక్చర్ అంటే ఇదే: పాత శిఖరాన్ని దాటించిన అడుగు. ఆ అడుగు విరిగితేనే పెరుగుదల మీద మనకున్న నమ్మకం విరిగినట్టు. అందుకే స్టాప్ 1.70 నుంచి 2.20 కిందికి రావాలి.

అయితే సరిగ్గా 2.19 దగ్గర పెట్టకండి. చార్ట్ చూసే ప్రతివాళ్లకీ ఆ 2.20 కనబడుతుంది, చాలామంది స్టాప్‌లు దాని కిందే గుమిగూడతాయి. ధర అక్కడికి ఒక్కసారి దిగి, అవన్నీ తగిలాక మళ్లీ పైకి లేవడం ఆల్ట్‌కాయిన్లలో తరచూ జరుగుతుంది. డెయిలీ చార్ట్ మీద 14 రోజుల ఏటీఆర్ పెట్టి చూడండి. ఈ కాయిన్ సగటున రోజుకి ఎంత ఊగుతుందో అది చెబుతుంది. అది 0.16 అనుకుందాం. అందులో సగం, అంటే 8 సెంట్లు, ఖాళీ వదిలితే స్టాప్ 2.12 అవుతుంది.

ధర 2.85లో ఉండగా 2.12 చాలా దూరంగా అనిపిస్తుంది, నాకు తెలుసు. 2.70కి జరిపేద్దామని చెయ్యి లాగుతుంది. కానీ 2.70 దగ్గర ప్రస్తుతం చార్ట్‌లో ఏమీ లేదు. పైగా అది 15 సెంట్ల దూరం, ఈ కాయిన్ ఒక మామూలు రోజున ఊగేదానికంటే తక్కువ. మీరు బయటపడ్డాక రెట్టింపైన ఆ కాయిన్ విషయంలో జరిగింది కూడా బహుశా ఇదే. భయం దూరాన్ని తగ్గించమంటే స్టాప్‌ని దగ్గరికి లాగకండి, కాయిన్ల సంఖ్య తగ్గించండి. ఇప్పుడు 300 అమ్మమన్నది అందుకే.

మిగిలిన 700లో 300ని 3.06 దగ్గర అమ్మకానికి పెట్టండి. 3.10 దగ్గర అమ్మేవాళ్లు ముందే వరసలో ఉంటారు. ధర 3.08 దాకా వచ్చి వెనక్కి తిరిగితే మీ ఆర్డర్ అలాగే మిగిలిపోతుంది. ఇదే కారణంతో 3.80కి బదులు 3.72 దగ్గర 200 పెట్టండి. చివరి 200కి టార్గెట్ వద్దు, వాటిని స్ట్రక్చర్ వెనకే నడిపించాలి.

ఇది ఎలా నడుస్తుందో చూద్దాం. ధర 3.15 దాకా వెళ్లింది, దారిలో 3.06 దగ్గర 300 అమ్ముడై 318 డాలర్లు వచ్చాయి. తర్వాత 2.70కి దిగింది. ఈ దిగుడు కష్టంగా ఉంటుంది, అయినా స్టాప్ 2.12లోనే ఉండాలి. ఎందుకంటే 2.70 ఇంకా ఏదీ నిరూపించుకోలేదు. ఇక్కడి నుంచి ధర కుప్పకూలి స్టాప్ తగిలితే, మిగిలిన 400 మీద 48 డాలర్లు కలిపి మొత్తం లాభం 621 అవుతుంది. అలా కాకుండా ధర లేచి, డెయిలీ క్యాండిల్ 3.15 పైన ముగిస్తే, 2.70 అసలైన అడుగు అవుతుంది. ఆరోజే స్టాప్‌ని 2.62కి జరపండి. ఇప్పుడు స్టాప్ తగిలినా మొత్తం 821. ఈరోజు మీ స్క్రీన్ మీద కనబడుతున్న 850కి ఇది దగ్గరే, పై భాగం మాత్రం ఇంకా తెరిచే ఉంది. 3.72 కూడా తగిలితే, ఆఖరి 200 కాయిన్లు 2.62 దగ్గరే పోయినా 1041 మిగులుతుంది. తర్వాత ప్రతి కొత్త అడుగుకీ ఇదే పద్ధతి. స్టాప్ పైకే జరగాలి, ఎప్పుడూ కిందికి కాదు.

దీనికి ఖరీదు ఉంది, దాచను. కాయిన్ ఆగకుండా 5 డాలర్లకి పోతే, ముక్కలుగా అమ్మిన మీకంటే మొత్తం పట్టుకున్నవాళ్లకి చాలా ఎక్కువ వస్తుంది. అప్పుడు బాధపడి, అమ్మిన కాయిన్లని పైధరకి తిరిగి కొనకండి. అలా కొన్నాక 2.62 స్టాప్ తగిలితే పోయే డబ్బు మీరు మొదట ఒప్పుకున్న 300 డాలర్లని దాటిపోవచ్చు.

ఇక ఆర్డర్లు, చాలామంది తడబడేది ఇక్కడే. స్పాట్‌లో ఒక కాయిన్‌ని అమ్మకపు లిమిట్ ఆర్డర్‌లో పెడితే అది లాక్ అవుతుంది, అదే కాయిన్ మీద విడిగా స్టాప్ పెట్టలేరు. టార్గెట్ పెట్టేసి, తెలియకుండానే స్టాప్ లేకుండా ఉండిపోతారు. దీనికి ఓసీఓ ఆర్డర్ ఉంది. పైన టార్గెట్, కింద స్టాప్, ఒకటి నెరవేరితే రెండోది రద్దవుతుంది. మీకు 300కి ఒకటి, 200కి ఒకటి ఓసీఓ, చివరి 200కి స్టాప్ ఒక్కటే.

స్టాప్-లిమిట్ వాడితే ట్రిగ్గర్‌కీ లిమిట్‌కీ మధ్య గ్యాప్ ఉంచండి. ట్రిగ్గర్ 2.12, లిమిట్ 2.11 అని పెడితే వేగంగా పడేటప్పుడు ధర ఆ రెండింటినీ దాటేస్తుంది, మీ కాయిన్లు అమ్ముడుపోవు. 2025 అక్టోబర్ 10న కొన్ని ఆల్ట్‌కాయిన్లు నిమిషాల్లోనే సగానికి పైగా పడ్డాయి. అలాంటి రోజున ఒక సెంటు గ్యాప్ దేనికీ సరిపోదు. మీ ఎక్స్ఛేంజ్‌లో స్టాప్-మార్కెట్ ఉంటే నేను అదే ఎంచుకుంటాను. 2.12 కంటే తక్కువకి అమ్ముడైనా ఫర్వాలేదు, బయటికైతే వస్తారు. కాకపోతే ముందు ఆర్డర్ బుక్ చూడండి. 2.12 నుంచి 2.00 దాకా ఉన్న కొనుగోలు ఆర్డర్లన్నీ కలిపినా మీ 700 కాయిన్లకి చాలకపోతే, ఈరోజు అమ్మేది 300 కాదు, 500 చేయండి. అప్పుడు 3.06 దగ్గర 200, 3.72 దగ్గర 150 పెట్టి, ఆఖరికి 150 ఉంచుకోండి.

స్టాప్ జరిపేటప్పుడు చాలాచోట్ల పాత ఓసీఓని రద్దు చేసి కొత్తది పెట్టాలి. ఆ మధ్యలో ఆ కాయిన్లకి రక్షణ ఉండదు. అందుకే ఉన్న ఆర్డర్లన్నింటినీ ఒకేసారి రద్దు చేయకండి. ఒకటి రద్దు చేసి, కొత్తది పెట్టి, అది ఓపెన్ ఆర్డర్లలో కనబడ్డాకే తర్వాతది ముట్టుకోండి.