టెక్ సందేహాలు: వీఆర్ హెడ్‌సెట్‌లో కళ్లద్దాలు ఇరికించకండి

“సార్, నాకు కుడి కంటికి మైనస్ 2.75, ఎడమ కంటికి మైనస్ 3.25. రెండింటికీ కొంచెం సిలిండర్ కూడా ఉంది. పోయిన నెల వీఆర్ హెడ్‌సెట్ కొన్నాను. కళ్లద్దాలతో పెట్టుకుంటే పది నిమిషాలకే ముక్కు, కణతలు నొప్పి. స్క్రీన్ కంటికి అంత దగ్గరగా ఉంది కదా అని అద్దాలు తీసేస్తే అంతా మసక. బాక్సులో ఇచ్చిన స్పేసర్ పెట్టాలా, పవర్ లెన్సులు చేయించుకోవాలా? ఒక వెబ్‌సైట్‌ వాళ్లు ఏటీఎం కార్డు నుదుటి దగ్గర పట్టుకుని ఫొటో పంపమన్నారు, పంపొచ్చా?”
— హన్మకొండ నుంచి ఒక పాఠకుడు

ఫొటో ఇంకా పంపకపోతే ఆగండి. దాని సంగతి వివరంగా చెప్తాను, ముందు మసక ఎందుకో చూద్దాం. ఇదే ప్రశ్న నాకు నెలకు నాలుగైదు సార్లు వస్తోంది.

హెడ్‌సెట్‌లో స్క్రీన్ కంటికి కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నమాట నిజమే. కానీ మీరు చూసేది ఆ స్క్రీన్‌ని కాదు, దాని ముందున్న లెన్సులు చూపించే బొమ్మని. ఆ లెన్సులు బొమ్మను వెనక్కి నెట్టి, చాలా హెడ్‌సెట్లలో సుమారు 1.3 నుంచి 2 మీటర్ల దూరంలో ఉన్నట్టు చూపిస్తాయి. మీ ఎడమ కంటికి అద్దాలు లేకుండా స్పష్టంగా కనిపించేది దాదాపు 31 సెంటీమీటర్ల వరకే. ఒక మీటరును 3.25తో భాగిస్తే వచ్చే లెక్క ఇది. అందుకే ఫోన్ చదవగలుగుతున్నారు, హెడ్‌సెట్‌లో అక్షరాలు మాత్రం అలుక్కుపోతున్నాయి. మైనస్ 0.5 ఉన్నవారికి ఇదే లెక్క 2 మీటర్లు వస్తుంది కాబట్టి వాళ్లు అద్దాలు తీసేసి హాయిగా వాడుకోవచ్చు. మీకు ఆ వీలు లేదు.

ఇక నొప్పి. ఒక స్కేలు తీసుకుని మీ ఫ్రేమ్ వెడల్పు ఈ చివర నుంచి ఆ చివరకు కొలవండి. బాగా అమ్ముడుపోయే హెడ్‌సెట్లలో సుమారు 142 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు దాటిన ఫ్రేమ్ సరిగా పట్టదు. ఇప్పుడు ఫ్యాషన్‌గా నడుస్తున్న పెద్ద చదరపు ఫ్రేములు చాలావరకు ఈ కొలత దాటుతాయి. బాక్సు మీద ‘కళ్లద్దాలతో వాడొచ్చు’ అని పెద్ద అక్షరాలతో వేసి, ఈ కొలతను మాత్రం ఎక్కడో సహాయం పేజీ అడుగున దాచిపెట్టడం నాకు మహా కోపం తెప్పించే విషయం. అద్దాలు పెట్టుకునేవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారో చూస్తే, ఆ కొలత బాక్సు ముందువైపే ఉండాలి.

స్పేసర్ చేసే పని ఒక్కటే. ముఖానికీ హెడ్‌సెట్ లెన్సుకూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల చోటు పెంచుతుంది. దానివల్ల మీ కళ్లద్దాలు లోపలి లెన్సులకు తగలవు. కానీ వెడల్పు సమస్య తీరదు, కణతల నొప్పి అలాగే ఉంటుంది. పైగా కన్ను వెనక్కి జరిగేసరికి కనిపించే దృశ్యం చిన్నదవుతుంది. కిటికీకి దగ్గరగా నిలబడితే వీధంతా కనిపిస్తుంది, రెండడుగులు వెనక్కి వేస్తే ఎదురింటి గుమ్మం మాత్రమే కనిపిస్తుంది కదా, అలాగన్నమాట. అయినా సరే, కళ్లద్దాలతో వాడినన్నాళ్లూ స్పేసర్ తీయకండి. కారణం గీతలు.

మా అక్క కొడుకు హెడ్‌సెట్‌ని లైటు కింద పెట్టి చూశాను. కుడి లెన్సు సరిగ్గా మధ్యలో గోటి అంచంత సన్నని వంపు గీతలు మూడు. వాడి కళ్లద్దాల లెన్సు ఉబ్బు తగిలే చోటు అదే. హెడ్‌సెట్ లెన్సులు ప్లాస్టిక్‌వి. మధ్యలో ఇసుక రేణువంత దుమ్ము ఉంటే చాలు, తల ఊపిన ప్రతిసారీ గీస్తుంది. గీత మధ్యలో పడింది కాబట్టి తెల్లటి బొమ్మ వచ్చినప్పుడల్లా అక్కడ మంచు పట్టినట్టు మెరుస్తోంది. దానికి మందు లేదు. టూత్‌పేస్టుతో రుద్దితే పోతుందని చెప్పే వీడియోలు నమ్మారంటే పైపూత మొత్తం పోతుంది. మీది తగులుతోందో లేదో తెలుసుకోవాలంటే హెడ్‌సెట్ ఆన్ చేయకుండా పెట్టుకుని, అవునన్నట్టు తల రెండుసార్లు గట్టిగా ఊపండి. ‘టిక్’ అని చిన్న చప్పుడు వచ్చినా, తీసి చూస్తే లెన్సు మధ్యలో జిడ్డు మరక ఉన్నా తగులుతున్నట్టే. ఆవిరి పట్టిందని ఆరబెట్టడానికి కిటికీ దగ్గర ఎండలో పెట్టే అలవాటుంటే ఈరోజే మానండి. భూతద్దం కాగితాన్ని కాల్చినట్టు ఆ లెన్సులు ఎండను స్క్రీన్ మీదికి గురిపెట్టి మచ్చలు పెడతాయి.

మీ పవర్‌కి నా సలహా పవర్ ఇన్‌సర్టులే. హెడ్‌సెట్ లెన్సు మీద అతికే చిన్న రింగు, అందులో మీ పవర్ లెన్సు. కొన్ని నొక్కితే పడతాయి, కొన్నింటికి అయస్కాంతం ఉంటుంది. ఇంట్లో ఇంకొకరు వాడాలంటే రెండు సెకన్లలో తీసేయొచ్చు. మీ హెడ్‌సెట్ మోడల్‌కి సరిపోయేవే తీసుకోవాలి, ఒక మోడల్‌వి ఇంకోదానికి చాలావరకు పట్టవు. కొన్ని హెడ్‌సెట్లలో తిప్పితే పవర్ మారే చక్రం ఉంటుంది, కానీ అది సిలిండర్‌ని, అంటే ఒక దిశలో మాత్రమే ఉండే అదనపు పవర్‌ని, సరిచేయదు కాబట్టి మీకు పూర్తిగా పనికిరాదు.

ఇప్పుడు ఆ ఫొటో సంగతి. నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. రెండు కంటిపాపల మధ్య దూరాన్ని పీడీ అంటారు. మన కళ్లద్దాల చీటీల్లో అది చాలాసార్లు రాయరు. అందుకని కొన్ని సైట్లు కొలతకు ఆధారంగా ఏటీఎం కార్డు సైజు కార్డును నుదుటి దగ్గర పట్టుకుని సెల్ఫీ దిగమంటాయి. ఆ కార్డులన్నీ 85.6 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి కాబట్టి దాన్నిబట్టి లెక్క కడతారు. లెక్క తప్పు కాదు. కానీ నల్ల గీత ఉన్న వైపు కెమెరాకి చూపించమంటే జనం నిజంగానే సొంత డెబిట్ కార్డు తీసుకుని దిగుతున్నారు. ఆ వైపే మూడంకెల సీవీవీ ఉంటుంది. ఇప్పుడొస్తున్న కొన్ని కార్డులకు నంబరు, గడువు తేదీ కూడా వెనకవైపే ఉంటున్నాయి. మీ ముఖం, కార్డు నంబరు, సీవీవీ ఒకే ఫొటోలో! దాంతోపాటు కళ్లద్దాల చీటీ ఫొటో కూడా పెడితే పేరు, వయసు, ఫోన్ నంబరు, ఆసుపత్రి నంబరు వెళ్లిపోయినట్టే. వాట్సాప్‌లో పంపితే అవతల షాపు కుర్రాడి ఫోన్ గ్యాలరీలో అది ఎన్నేళ్లుంటుందో ఎవరికీ తెలియదు. లెన్సు తయారీకి కార్డు నంబరు ఏం అవసరం? కనీసం ‘బ్యాంకు కార్డు వాడకండి’ అని ఒక్క వాక్యం ఆ సైట్లు రాయలేవా?

మీరు చేయాల్సింది ఇది. మీకు అద్దాలు చేసిన షాపుకి వెళ్లి పీడీ కొలవమనండి, రెండు నిమిషాల పని. పెద్దవాళ్లలో ఎక్కువమందికి 63 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వస్తుంది. దగ్గరికి కాదు, దూరం చూపుకి కొలవాలని చెప్పండి. నిజానికి ఇన్‌సర్టు హెడ్‌సెట్ లెన్సుతోపాటే కదులుతుంది కాబట్టి, పీడీని హెడ్‌సెట్‌లో సర్దుకుంటే చాలని ఇన్‌సర్టులు అమ్మేవాళ్లు కొందరు అసలు అడగరు కూడా. ఎలాగూ ఆ అంకె మీకు కావాలి, హెడ్‌సెట్‌లో లెన్సుల దూరం దానికే పెట్టాలి. ఫొటో తప్పదన్న సైటులోనే కొనాలనుకుంటే బ్యాంకు కార్డు వద్దు, అదే సైజులో ఉండే మెట్రో కార్డో, బట్టల షాపు మెంబర్‌షిప్ కార్డో పట్టుకోండి.

మిగతా అంకెలు మీరే టైపు చేయండి. చీటీలో ఓడీ అంటే కుడి కన్ను, ఓఎస్ అంటే ఎడమ కన్ను. స్ఫియర్ అంటే అసలు పవర్, యాక్సిస్ అంటే సిలిండర్ కోణం. స్ఫియర్, సిలిండర్, యాక్సిస్ మూడూ ఒక్కో కంటికి విడివిడిగా వెళ్లాలి. మీ కుడి కంటికి మైనస్ 2.75 అన్నప్పుడు ఆ మైనస్ గుర్తు పడిందో లేదో రెండోసారి చూడండి. ప్లస్ పడితే వచ్చే లెన్సు చెత్తబుట్టలోకే. ఇన్‌సర్టులు వచ్చాక ఒక కన్ను మూసి చిన్న అక్షరాలు చదవండి, తర్వాత రెండో కన్ను. అక్షరాల పక్కన ఏటవాలుగా నీడ కనిపిస్తే సిలిండర్ కోణం తప్పింది. తిప్పి పంపేముందు కుడి రింగు ఎడమకి పెట్టారేమో చూసుకోండి, చాలా ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

అవి వచ్చేదాకా ఇంట్లో ఇదే పవర్‌తో పాత చిన్న ఫ్రేమ్ ఉంటే అది పెట్టుకోండి. పెట్టుకునేటప్పుడు ముందుభాగం ముఖానికి ఆనించి, ఆ తర్వాత పట్టీ వెనక్కి లాగండి. తీసేటప్పుడు ముందు పట్టీ వదులు చేసి, రెండు చేతులతో నేరుగా ముందుకు తీయండి. పైకి లాగితే కళ్లద్దాలు లోపలే ఇరుక్కుని గీసుకుంటాయి.

“మా నాన్నగారికి 56 ఏళ్లు, ప్రోగ్రెసివ్ అద్దాలు. వీఆర్‌లో ఏ పవర్ ఇవ్వాలి? త్రీడీ సినిమాకు తీసుకెళ్తే రెండు జతలూ జారిపోతున్నాయని విసుక్కుంటున్నారు. కళ్లద్దాల మీద తగిలించే త్రీడీ క్లిప్ కొంటే పనిచేస్తుందా?”
— రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు

ఇన్‌సర్టులకు ఆయన దూరం చూపు పవర్ ఇవ్వండి అమ్మా, చీటీలో యాడ్ అని ఉన్న అంకె కలపకండి. బొమ్మ మీటరు పైన దూరంలో ఉంటుంది కాబట్టి చదివే పవర్ అక్కర్లేదు. ప్రోగ్రెసివ్ అద్దాలతోనే పెట్టుకుంటే కళ్లు కిందికి దించినప్పుడల్లా చదివే భాగంలోంచి చూసి, మసకగా ఉందంటారు.

సినిమాకు క్లిప్ మంచిదే, కానీ అన్ని హాళ్లలో పనిచేయదు. టికెట్ కౌంటర్లో ‘బ్యాటరీ ఉండే అద్దాలా, మామూలువా’ అని అడగండి. బ్యాటరీవి రెండు కళ్లనూ మార్చి మార్చి మూసే షట్టర్ అద్దాలు, అక్కడ క్లిప్ వృథా. మామూలువైతే చాలా హాళ్లలో వాడేది సర్క్యులర్ పోలరైజేషన్, అంటే కాంతి తరంగం తిరిగే దిశను బట్టి ఏ కంటి బొమ్మను ఆ కంటికే పంపే పద్ధతి. ఆ రకం క్లిప్ కొన్నాక అద్దం ముందు నిలబడి, క్లిప్ పెట్టుకుని ఒక కన్ను మూయించండి. తెరిచి ఉన్న కంటి ముందు ముక్క నల్లగా, మూసిన కంటివైపు ముక్క తేటగా కనిపిస్తే సరైన రకం. అలా కనిపించకపోతే అది వేరే రకం, లేదా క్లిప్ వెనక్కి తిరిగి ఉంది. తిప్పి మళ్లీ చూడండి. వెనక్కి తిరిగిన క్లిప్‌తో సినిమా చూస్తే రెండు బొమ్మలూ రెండు కళ్లకూ కలిసే వస్తాయి, అరగంటకే తలనొప్పి.

షట్టర్ అద్దాలే ఇచ్చే హాలైతే, కళ్లద్దాలు జారకుండా చెవుల వెనక కట్టే రబ్బరు తాడు ఒకటి ఆయన కళ్లద్దాలకు వేయండి. బరువైన పై జత ముక్కు మీద కాకుండా కింది ఫ్రేమ్ మీద ఆనుతుంది, ఆ కింది ఫ్రేమ్ కదలకపోతే రెండూ నిలుస్తాయి.