741తో 100 కిలోహెర్ట్జ్ రావాల్సింది 20 దగ్గరే ఎందుకు చెడిపోతోంది?

ప్రశ్న: 741 ఆప్-ఆంప్‌తో గెయిన్ 10 వచ్చే నాన్-ఇన్వర్టింగ్ ఆంప్లిఫయర్ కట్టాను, సప్లై ప్లస్ మైనస్ 15 వోల్టులు. 1 మెగాహెర్ట్జ్‌ని 10తో భాగిస్తే 100 కిలోహెర్ట్జ్ దాకా రావాలి కదా. ఇన్‌పుట్ 1 వోల్ట్ పీక్ ఇస్తే 20 కిలోహెర్ట్జ్ దగ్గరే అవుట్‌పుట్ 6 వోల్టులకు పడిపోయి త్రికోణంలా కనిపిస్తోంది. ఇన్‌పుట్ గ్రౌండ్ చేసినా 20 మిల్లీవోల్టుల డీసీ ఉంటోంది. నాకు అమ్మింది నకిలీ ఐసీనా?

జవాబు: ఐసీ మంచిదే. మీరు చెప్పిన రెండు అంకెలూ 741 డేటాషీట్‌కి చక్కగా సరిపోతున్నాయి. ఇండస్ట్రియల్ బోర్డులు, తూకం మెషీన్లు రిపేర్ చేసే పనిలో ఉన్నాను కాబట్టి ఈ రకం లక్షణాలు నాకు తరచూ ఎదురవుతాయి. బెంచ్ మీద ఎలా పట్టుకుంటామో అలాగే చెబుతాను.

ముందు త్రికోణం సంగతి. మీరు వేసిన లెక్క గెయిన్-బ్యాండ్‌విడ్త్ ప్రొడక్ట్‌ది. అది చిన్న సిగ్నల్‌కే వర్తిస్తుంది. మీ అవుట్‌పుట్ 10 వోల్టుల పీక్ ఉండాలి, కాబట్టి ఇక్కడ అడ్డు పడేది స్లూ రేట్, అంటే అవుట్‌పుట్ వోల్టేజ్ ఎంత వేగంగా మారగలదన్న హద్దు. సైన్ వేవ్ సున్నాని దాటే చోట దాని వాలు అన్నిటికంటే ఎక్కువ. ఆ వాలు ఇంత:

```
SR = 2π × f × Vp
2π × 20000 × 10 = 1.26 V/µs
```

741 ఇవ్వగలిగింది సుమారు 0.5 V/µs మాత్రమే. అవుట్‌పుట్ అంతకంటే వేగంగా కదల్లేదు కాబట్టి అదే వాలుతో పైకి, అదే వాలుతో కిందికి నడుస్తుంది. మీకు కనిపిస్తున్న త్రికోణం అదే. 20 కిలోహెర్ట్జ్‌లో సగం సైకిల్ 25 మైక్రోసెకన్లు. ఆ సమయంలో 0.5 చొప్పున 12.5 వోల్టులు కదులుతుంది, అంటే పీక్ 6.25 వోల్టులు. మీకు 6 వచ్చింది. ఇదే ఫార్ములాని తిప్పి వేస్తే, 10 వోల్టుల పీక్ సైన్ వేవ్ ఈ ఐసీలో సుమారు 8 కిలోహెర్ట్జ్ దాకే శుభ్రంగా వస్తుంది.

కారణం ఐసీ లోపల ఉంది. ఫీడ్‌బ్యాక్ పెట్టినప్పుడు ఆసిలేట్ కాకుండా ఉండటానికి 741 లోపల 30 పికోఫారడ్‌ల కెపాసిటర్ ఒకటి ఉంటుంది. ఇన్‌పుట్ స్టేజ్ దాన్ని ఛార్జ్ చేస్తుంది. రెండు ఇన్‌పుట్‌ల మధ్య తేడా కొద్ది పదుల మిల్లీవోల్టుల లోపు ఉన్నంతవరకు, తేడాకి తగ్గట్టు కరెంటు కూడా పెరుగుతుంది. గెయిన్-బ్యాండ్‌విడ్త్ లెక్క పనిచేసేది అప్పుడే. తేడా అంతకు మించితే ఇన్‌పుట్ స్టేజ్ దగ్గరున్న మొత్తం కరెంటు, అంటే సుమారు 20 మైక్రోఆంపియర్లు, ఒకే వైపుకి వెళ్లిపోతుంది. ఆపైన ఇవ్వడానికి ఇంకేమీ లేదు. తేడా ఎంత పెరిగినా కెపాసిటర్ అదే వేగంతో నిండుతుంది.

దీన్ని స్కోప్‌లో చూడొచ్చు. ఒక ఛానెల్ 3వ పిన్‌కి, ఇంకొకటి 2వ పిన్‌కి పెట్టి రెంటికీ ఒకే స్కేల్ ఇవ్వండి. 1 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. 20 దగ్గర 3వ పిన్‌లో 1 వోల్ట్ సైన్, 2వ పిన్‌లో దానికి వెనకబడ్డ 0.6 వోల్ట్ త్రికోణం కనిపిస్తాయి. రెండు ఇన్‌పుట్‌లూ ఒకే వోల్టేజ్‌లో ఉంటాయని, వర్చువల్ షార్ట్ అని చదువుకున్నది అక్కడ లేదన్నమాట.

ఫ్రీక్వెన్సీ పెంచితే అవుట్‌పుట్ పడిపోతున్నప్పుడు, కారణం స్లూ రేటా, బ్యాండ్‌విడ్తా అని తేల్చడానికి నేను మొదట చేసేది ఇన్‌పుట్‌ని పదో వంతుకి తగ్గించడం. మీ సర్క్యూట్‌కి 0.1 వోల్ట్ ఇచ్చి చూడండి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 1 వోల్ట్ సైన్ వేవ్ చక్కగా వస్తుంది. అలా గెయిన్ తిరిగి వస్తే దోషం స్లూ రేట్‌ది. ఇన్‌పుట్ తగ్గించినా గెయిన్ అంతే తక్కువగా ఉండి, ఆకారం మాత్రం మొదటినుంచీ సైన్‌గానే ఉంటే అది బ్యాండ్‌విడ్త్.

ఈ రెండో రకం ఒకటి మా బెంచ్ మీదకి వచ్చింది. 40 కిలోహెర్ట్జ్ అల్ట్రాసోనిక్ రిసీవర్‌కి ఎల్‌ఎం358తో ఒకే స్టేజ్‌లో గెయిన్ 100 పెట్టారు. సెన్సర్ నుంచి 5 మిల్లీవోల్టులు వస్తే అవుట్‌పుట్ అర వోల్ట్ ఉండాలి, కానీ వస్తున్నది 90 మిల్లీవోల్టుల లోపే. ఆకారంలో వంక లేదు, అందుకే సెన్సర్ బలహీనపడిందని అనుకుని దాన్నే మార్చుతూ వచ్చారు. పాత ఎల్‌ఎం358 గెయిన్-బ్యాండ్‌విడ్త్ 0.7 మెగాహెర్ట్జ్. దాన్ని 40 కిలోహెర్ట్జ్‌తో భాగిస్తే 17కి మించి గెయిన్ దొరకదు. ఆ ఐసీలో రెండో ఆప్-ఆంప్ ఖాళీగానే ఉంది. పదేసి గెయిన్‌తో రెండు స్టేజ్‌లు చేస్తే మొత్తం 75 దాకా వచ్చింది. కొత్త ఐసీ కొనాల్సిన పనే పడలేదు.

ఇక మీ 20 మిల్లీవోల్టుల డీసీ. దాన్ని గెయిన్ 10తో భాగిస్తే ఇన్‌పుట్ దగ్గర 2 మిల్లీవోల్టులు. మామూలు రకం 741కి ఇన్‌పుట్ ఆఫ్‌సెట్ సహజంగా అంతే ఉంటుంది, 6 దాకా ఉన్నా కంపెనీ లెక్కలో అది మంచి ఐసీయే. మీ పని ఆడియో అయితే దీని గురించి టెన్షన్ వద్దు, అవుట్‌పుట్‌లో ఒక కప్లింగ్ కెపాసిటర్ చాలు. సెన్సర్ నుంచి వచ్చే డీసీని పెంచాలంటే మాత్రం కథ వేరు.

తూకం మెషీన్‌నే తీసుకోండి. 50 కిలోల లోడ్‌సెల్, 2 mV/V రకం, దానికి 5 వోల్టులు ఇస్తే పూర్తి బరువుకి వచ్చేది 10 మిల్లీవోల్టులు, అంటే కిలోకి 0.2. ముందు ఎల్‌ఎం358 పెడితే దాని మామూలు ఆఫ్‌సెట్ 3 మిల్లీవోల్టులు 15 కిలోలతో సమానం. అంత పెద్ద తప్పైనా టేర్ బటన్ నొక్కితే పోతుంది. పోనిది ఉష్ణోగ్రతతో మారే భాగం. ఎల్‌ఎం358లో అది డిగ్రీకి సుమారు 7 మైక్రోవోల్టులు. ఉదయం సున్నా చేసిన మెషీన్ మధ్యాహ్నానికి 10 డిగ్రీలు వేడెక్కితే 70 మైక్రోవోల్టులు జరుగుతుంది, ఖాళీ పళ్లెం 350 గ్రాములు చూపిస్తుంది. అమ్మేవాడు మోసం చేస్తున్నాడని గొడవ జరిగేది ఇక్కడే. అదే చోట ఓపీ07 పెడితే డిగ్రీకి సుమారు అర మైక్రోవోల్ట్, అంటే తేడా 25 గ్రాముల దగ్గర ఆగుతుంది. ఆఫ్‌సెట్ పాట్ తిప్పి సున్నా చేశామని ఊరుకునేవాళ్లు ఈ సంగతి తప్పక చూసుకోవాలి. పాట్ ఆ క్షణానికి, ఆ వేడికి మాత్రమే సరిచేస్తుంది.

మీరు చూసిన డీసీలో బయాస్ కరెంట్ వాటా ఎంతో కూడా తేల్చుకోండి. ఇన్‌పుట్‌ని నేరుగా కాకుండా 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ ద్వారా గ్రౌండ్ చేసి మళ్లీ కొలవండి. 741 ఇన్‌పుట్ మామూలుగా 80 నానోఆంపియర్లు తీసుకుంటుంది, అది ఆ రెసిస్టర్ మీద 8 మిల్లీవోల్టులు, అవుట్‌పుట్‌లో 80. మీ సిగ్నల్ సోర్స్ ఇంపెడెన్స్ ఎక్కువైతే ఆఫ్‌సెట్ కంటే ఇదే పెద్ద సమస్య.

మీకు నిజంగా 20 కిలోహెర్ట్జ్ దగ్గర 10 వోల్టులే కావాలంటే అదే సాకెట్‌లో టీఎల్071 పెట్టండి. ఇన్‌పుట్‌లు, అవుట్‌పుట్, సప్లై పిన్‌లు అవే. స్లూ రేట్ 13 V/µs, మీకు కావాల్సిన దానికి పది రెట్లు. ఇన్‌పుట్ స్టేజ్ జెఫెట్ కాబట్టి బయాస్ కరెంట్ దాదాపు ఉండదు. ఆఫ్‌సెట్ మాత్రం 10 మిల్లీవోల్టుల దాకా ఉండొచ్చు, అందుకని దీన్ని లోడ్‌సెల్ ముందు పెట్టకండి. ఓపీ07ని మీ సర్క్యూట్‌లో పెట్టడమూ కుదరదు, దాని స్లూ రేట్ 0.3 V/µs, 741 కంటే కూడా తక్కువ.