సంచి మీద వారం చదవడం నేర్చుకోండి

ప్రశ్న: హన్మకొండలో బీకామ్ పూర్తి చేశాను. కాజీపేట దగ్గర అపార్ట్‌మెంట్ సైట్‌లో స్టోర్ అసిస్టెంట్‌గా రమ్మంటున్నారు. సివిల్ చదవలేదని టెన్షన్‌గా ఉంది. ముందు ఏం నేర్చుకోవాలి?

జవాబు: చేరండి. రిజిస్టర్ రాయడం మీకు వచ్చిన పనే. కొత్తగా నేర్చుకోవాల్సింది సిమెంట్ వయసు లెక్క. చాలా స్టోర్లలో లోడు వచ్చిన తేదీ నుంచి లెక్కేస్తారు, అది తప్పు. తయారైన వారం, సంవత్సరం సంచి మీదే ఉంటాయి.

2025 జూన్ 10న 300 బస్తాలు దిగాయనుకుందాం. సంచి మీద 18వ వారం అని ఉంది. అంటే ఏప్రిల్ ఆఖరు సరుకు, దిగేనాటికే ఆరు వారాలు గడిచాయి. జులై ఆఖరుకు మూడు నెలలు నిండుతాయి. ఆ తర్వాత పరీక్ష చేయించకుండా ఇవ్వకూడదు. ఆ పరీక్షలో 28 రోజుల బలం తెలియాలంటే నెల ఆగాలి, ఆలోపు సిమెంట్ ఇంకా పాతబడుతుంది. అందుకే జూన్ ఆఖరులోనే ఇంజినీర్‌కు రాసివ్వండి: ఇన్ని బస్తాలు ముందు వాడేయాలి అని.

పాత సరుకు ఎందుకు మిగులుతుందో మొదటి నెలలోనే తెలుస్తుంది. హమాలీలు కొత్త లోడును తలుపు దగ్గరే దించుతారు, మేస్త్రీ మనుషులు దగ్గరున్నదే ఎత్తుకుపోతారు. ఒక్కో లోడుకు విడి దొంతర, దానికో వారం కార్డు, రెండు దొంతరల మధ్య నడిచే దారి ఉండాలి. అడుగున చెక్కలు వేసి, గోడకు దూరంగా, పది బస్తాల ఎత్తు మించకుండా పేర్చాలి. మన దగ్గర వానాకాలంలో నేల చెమ్మే సిమెంట్‌ను ఎక్కువ పాడు చేస్తుంది. అడుగు బస్తాలో ఉండ కట్టిందా? వేళ్లతో నలిపితే పొడి అయితే అది బరువుకు బిగిసింది. నలగకపోతే తడి తగిలింది, ఆ బస్తా పక్కన పెట్టండి.

సరుకు ఇచ్చేటప్పుడు ఇండెంట్, అంటే సరుకు కావాలని రాసిచ్చే చీటీ, మీద సంతకం ఒక్కటే చూస్తే చాలదు. 20 ఘనపు మీటర్ల స్లాబుకు, ఘనపు మీటరుకు 8 బస్తాల లెక్కన 160 కావాలి. ఇండెంట్‌లో 175 ఉంటే ఎందుకని అడగండి, అది మీ హక్కు. 175 ఇస్తే సాయంత్రం ఖాళీ సంచులు 160, నిండు బస్తాలు 15 తిరిగి రావాలి. పైన వదిలేసిన బస్తా రాత్రి మంచుకే చెడుతుంది.

ఇనుము తేలిక. వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 16 ఎంఎం రాడ్ 12 మీటర్లకు సుమారు 19 కిలోలు. కాటా చీటీని రాడ్ల లెక్కతో ఇలా సరిచూడండి. కొద్ది తేడా మామూలే, ఐదు శాతం దాటితే లోడు దించక ముందే చెప్పండి.

చేరిన రోజు చార్జి తీసుకునేటప్పుడు ప్రతి దొంతరలో ఎన్ని బస్తాలు, ఏ వారానివి అని మీరే లెక్కించి రాసుకోండి. ఆ కాగితం మీద పాత స్టోర్‌కీపర్, ఇంజినీర్ ఇద్దరూ సంతకం చేశాకే మీరు చేయండి.