టెక్ సందేహాలు: ప్రాజెక్ట్ ఫొటోల లెటర్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. ఫైనలియర్ పిల్లలు ఒక్కొక్కరు ఆరు ప్రాజెక్ట్ ఫొటోలు పోర్టల్‌లో పెట్టాలి. "ఫొటోలు చిన్న సైజులో, 300 డీపీఐలో, 500 కేబీ లోపు ఉండాలి. హాల్‌టికెట్ నంబరు, తేదీ, ప్రాజెక్ట్ పేరుతో జేపీజీగా సేవ్ చేయండి" అని లెటర్ ఇచ్చాను. సగం మందివి పోర్టల్ తీసుకోలేదు. తీసుకున్నవాటిలో కొన్ని మసకగా ఉన్నాయి, కొన్ని పక్కకు పడుకున్నాయి. మళ్లీ లెటర్ ఇవ్వాలి. ఎలా రాయమంటారు?

జవాబు: మేడమ్, మీ లెటర్‌లో "సైజు" అనే మాట దగ్గరే పిల్లలు తలో దారి పట్టి ఉంటారు. ఫొటోకి సైజు అంటే రెండున్నాయి. ఒకటి కొలత, అంటే అడ్డంగా ఎన్ని పిక్సెళ్లు, నిలువుగా ఎన్ని పిక్సెళ్లు అన్నది. రెండోది బరువు, అంటే ఎన్ని కేబీలన్నది. పోర్టల్ చూసేది బరువు. మీరు వాల్యుయేషన్‌లో చూసేది కొలత. మీరు బరువుకి హద్దు చెప్పి, కొలత దగ్గర "చిన్న" అని వదిలేశారు. దాంతో పిల్లలు చేతికందిన యాప్‌లో వేసి 500 కేబీ లోపుకి వచ్చేదాకా కుదించుకుంటూ పోయారు. మసక అక్కడే మొదలైంది.

300 డీపీఐ మాట కొత్త లెటర్‌లో తీసేయండి. అది ప్రింటుకి సంబంధించిన లెక్క. కాగితం మీద ఒక అంగుళంలో ఎన్ని చుక్కలు పడాలో చెప్పే అంకె. ఫైల్‌లో ఆ అంకె 72 ఉన్నా 300 ఉన్నా పిక్సెళ్లు అవే, బరువూ అదే. "డీపీఐ మార్చే" యాప్‌లు కొన్ని ఆ అంకె ఒక్కటే మార్చి ఇస్తాయి. ఇంకొన్ని లేని పిక్సెళ్లు పుట్టించి ఫొటోని పెద్దది చేస్తాయి, బరువు పెరిగి పోర్టల్ వద్దంటుంది. మీ ఉద్దేశం రికార్డులో ప్రింటు బాగా రావాలనే కదా. అడ్డంగా 1600 పిక్సెళ్లున్న ఫొటోని 300 డీపీఐలో ప్రింట్ చేస్తే 5.3 అంగుళాల వెడల్పు వస్తుంది. ఏ4 కాగితం మీద మార్జిన్లు పోగా మిగిలే చోటు సుమారు 6.3 అంగుళాలు. కాబట్టి "పొడుగు వైపు 1600 పిక్సెళ్లు" అని రాస్తే ప్రింటుకీ సరిపోతుంది, స్క్రీన్‌కీ సరిపోతుంది. ఆ కొలతలో జేపీజీ క్వాలిటీ 75 దగ్గర పెడితే మామూలు ఫొటో 250 నుంచి 400 కేబీ మధ్య తేలుతుంది. పోర్టల్ హద్దు లోపలే ఉంటుంది.

ఒక ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే మీ సబ్జెక్టులో ఇది మరీ ముఖ్యం. ఒక అబ్బాయి బ్రెడ్‌బోర్డ్ మీద సర్క్యూట్ కట్టి ఫోన్‌తో ఫొటో తీశాడనుకోండి. ఫొటో 4000×3000 పిక్సెళ్లు, బరువు నాలుగు ఎంబీ పైమాటే. ఫ్రేమ్‌లో బోర్డు 60 శాతం వెడల్పు ఆక్రమించింది. మిగతాదంతా బల్ల, చార్జరు, పక్కన కూర్చున్నవాడి మోచెయ్యి. అంటే బోర్డు మీద పడ్డవి 2400 పిక్సెళ్లు. పెద్ద బ్రెడ్‌బోర్డ్ పొడవు దాదాపు 165 మిల్లీమీటర్లు, దాని మీద పావు వాట్ రెసిస్టర్ ఒళ్లు 6 మిల్లీమీటర్లు. అబ్బాయి "చిన్న సైజు" అన్నారని మొత్తం ఫొటోని 800 పిక్సెళ్లకి కుదించాడు. బోర్డుకి 480 పిక్సెళ్లు మిగిలాయి, రెసిస్టర్‌కి 17 వచ్చాయి. ఆ పదిహేడింటిలో నాలుగు రంగు పట్టీలు, వాటి మధ్య ఖాళీలు ఇమడాలి. బ్రౌన్ ఏదో రెడ్ ఏదో మీరు భూతద్దం పెట్టి చూసినా తేలదు.

అదే అబ్బాయి ముందు బోర్డు వరకూ క్రాప్ చేసి, తర్వాత 1600కి కుదించి ఉంటే రెసిస్టర్‌కి 58 పిక్సెళ్లు వచ్చేవి. పట్టీలు చదవొచ్చు. ఐసీ మీద నంబరు కూడా వెలుతురు బాగుంటే కనిపిస్తుంది. అందుకే "ముందు క్రాప్, తర్వాత రీసైజ్" అని ఆ వరసలోనే రాయండి. నన్నడిగితే మీ లెటర్ మొత్తంలో అన్నిటికంటే విలువైన వాక్యం అదే.

ఎక్కడ చేయాలన్నది కూడా మీరే చెప్పండి. లేకపోతే ఒక్కొక్కరు ఒక్కో యాప్ దించుకుంటారు, కొన్ని యాప్‌లు ఫొటో మూలన తమ ముద్ర కూడా వేస్తాయి. క్రాప్ ఫోన్ గ్యాలరీలోనే అవుతుంది. కుదించడానికి ఫోన్ బ్రౌజర్‌లో `squoosh.app` తెరిస్తే చాలు. ఇది గూగుల్ క్రోమ్ టీమ్ చేసిన ఉచిత సాధనం. ఫొటో ఎవరి సర్వర్‌కీ వెళ్లదు, పనంతా ఆ ఫోన్‌లోనే జరుగుతుంది. Resize ఆన్ చేసి Width దగ్గర 1600 కొట్టాలి. నిలువు ఫొటో అయితే Height దగ్గర 1600. రెండో అంకె దానంతటదే సర్దుకుంటుంది. కింద MozJPEG ఎంచుకుని Quality 75 దగ్గర ఉంచితే, కొత్త బరువెంతో అక్కడే కనిపిస్తుంది. అది 450 కేబీ దాటితే క్వాలిటీని 70కి దించాలి, 1600ని మాత్రం ముట్టుకోకూడదు. 500 అని కాకుండా 450 అనడానికి కారణముంది. ఒక కేబీ అంటే కొన్ని చోట్ల 1000 బైట్లు, కొన్ని చోట్ల 1024. సరిగ్గా అంచున ఉన్న ఫైల్ ఒకచోట ఎక్కి ఇంకోచోట ఆగిపోతుంది.

పక్కకు పడుకున్న ఫొటోల సంగతి. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసినా చాలా ఫోన్లు ఫొటోని అడ్డంగానే దాచి, "చూపించేటప్పుడు 90 డిగ్రీలు తిప్పు" అని ఫైల్‌లో ఒక గుర్తు రాసి పెడతాయి. గ్యాలరీ ఆ గుర్తు చదివి తిప్పి చూపిస్తుంది. మీ పోర్టల్ చదవడం లేదు. అందుకే ఫోన్‌లో నిలబడిన ఫొటో మీ దగ్గర పడుకుంటోంది. స్క్వూష్‌లో కుదించినప్పుడు ఫొటో కొత్తగా తయారవుతుంది కాబట్టి, అక్కడ ఎలా కనిపిస్తే అలాగే సేవ్ అవుతుంది. అసలు ఫొటో ఎక్కడ తీశారో చెప్పే లొకేషన్ వివరాలు కూడా అందులో రావు. పిల్లలు ఇంట్లో తీసినవాటికి ఇది మంచిదే. కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే నాక్ వాళ్ల ఫైలుకి జియోట్యాగ్ ఉన్న ఫొటోలు కావాలంటే మాత్రం అసలు ఫొటోలు విడిగా తీసుకోండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే లొకేషన్ పోతుంది, పేరు మారిపోతుంది, నాణ్యత కూడా తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి.

ఇక పేరు. "హాల్‌టికెట్ నంబరు, తేదీ, ప్రాజెక్ట్ పేరు" అంటే ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. ఒకరు తేదీని `12/3/25` అని రాయబోతే విండోస్ ఆ గీతని ఒప్పుకోదు. ఇంకొకరు మాటల మధ్య ఖాళీలు వదులుతారు. అన్నీ దించుకున్నాక ఏది ఎవరిదో మీకే అర్థం కాదు. అప్‌లోడ్ తేదీని పోర్టల్ ఎలాగూ నమోదు చేస్తుంది కాబట్టి పేరులో అది అక్కర్లేదు. మాటల్లో వర్ణించకుండా నమూనా ఒకటి ఇవ్వండి:

```
22451_01_circuit.jpg
22451_02_sensor.jpg
22451_03_output.jpg
```

హాల్‌టికెట్ నంబరు ముందుంటే ఒక విద్యార్థి ఫొటోలన్నీ ఫోల్డర్‌లో ఒకచోటే వరసగా ఉంటాయి. తర్వాత రెండంకెల వరస నంబరు. సున్నా లేకుండా 1, 2, 10 అని పెడితే చాలా చోట్ల 1 పక్కన 10 వచ్చి కూర్చుంటుంది. చివర ఒక్క మాట, ఫొటోలో ఏముందో. అన్నీ చిన్నక్షరాలే. కొన్ని సర్వర్లకి `.JPG` వేరు, `.jpg` వేరు.

పేరు మార్చేటప్పుడు జరిగే పొరపాట్లు రెండున్నాయి. అవి కంటికి కనిపించవు కాబట్టి పిల్లలు "అంతా కరెక్టే మేడమ్" అంటారు, పాపం నిజంగానే అలా అనుకుంటారు. మొదటిది విండోస్‌లో. అది ఫైల్ పేరు చివర ఉన్న `.jpg`ని దాచి చూపిస్తుంది. పిల్లలు మళ్లీ టైప్ చేస్తే అసలు పేరు `22451_01_circuit.jpg.jpg` అయి కూర్చుంటుంది. విండోస్ 11లో ఫోల్డర్ తెరిచి View, Show, File name extensions నొక్కితే గుట్టు బయటపడుతుంది.

రెండోది ఐఫోన్ ఉన్నవాళ్లది. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు ఫొటోని హెచ్ఈఐసీ అనే ఫార్మాట్‌లో దాస్తున్నాయి. ఫైల్ పేరు చివర `.heic` చెరిపి `.jpg` అని రాస్తే పేరు మారుతుంది గానీ ఫొటో మారదు. లోపలి సరుకుని పరీక్షించే పోర్టల్ దాన్ని తిప్పికొడుతుంది. అనుమానం వస్తే ఆ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి వరస చూడండి. పిచ్చి గుర్తుల మధ్య `JFIF` లేదా `Exif` కనిపిస్తే అది జేపీజీ. `ftypheic` కనిపిస్తే పేరొక్కటే మార్చారన్నమాట. ఫొటోలు తీయకముందే ఐఫోన్ సెట్టింగ్స్‌లో Camera, Formats, Most Compatible అని పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

ఇవన్నీ లెటర్‌లో వివరించక్కర్లేదు. ఇంత రాయండి, చాలు:

"ఆరు ఫొటోలు జేపీజీలో ఉండాలి. ఐఫోన్ వాళ్లు ముందు Most Compatible పెట్టుకుని తీయండి. ఒక్కో ఫొటోని మీ సర్క్యూట్ వరకూ క్రాప్ చేయండి. తర్వాత squoosh.appలో పొడుగు వైపు 1600 పిక్సెళ్లకి కుదించి, Quality 75 పెట్టండి. ఫైల్ 450 కేబీ దాటకూడదు. పేరు ఇలా ఉండాలి: 22451_01_circuit.jpg. ఖాళీలు, పెద్దక్షరాలు వద్దు. అప్‌లోడ్ చేశాక పోర్టల్‌లో ఫొటో తెరిచి, పక్కకు పడుకోకుండా ఉందో లేదో, రెసిస్టర్ రంగులు చదవగలుగుతున్నారో లేదో చూసుకోండి. అసలు ఫొటోలని వైవా అయ్యేదాకా డిలీట్ చేయకండి."

లెటర్ పంపే ముందు క్లాసులో ఒక ఆండ్రాయిడ్, ఒక ఐఫోన్ తీసుకుని, ఈ వరసలోనే చెరో ఫొటో పోర్టల్‌లో పెట్టించి చూడండి. ఎక్కడైనా ఆగితే ఆ రెండు ఫోన్ల దగ్గరే తెలిసిపోతుంది, ఆ వాక్యం దిద్ది పంపొచ్చు.