బేసిక్స్ లేవంటే ఆరో తరగతి నుంచి మొదలుపెట్టాలా?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. వర్గ సమీకరణాల దగ్గర ఆగిపోయాడు. సారు "వీడికి బేసిక్స్ లేవండీ" అంటున్నారు. ఆరో తరగతి లెక్కల నుంచి మళ్ళీ చెప్పించాలా? అంత టైమ్ ఎక్కడుంది?

అక్కర్లేదండీ. నేను అలాగే మొదలుపెట్టి మూడు వారాలు పోగొట్టాను. మా అక్క కొడుకు పదో తరగతిలో సత్యనారాయణపురంలో మా ఇంట్లోనే ఉండి చదువుకున్నాడు. వాడి గురించీ ఇదే మాట వినగానే లెనిన్ సెంటర్‌కి వెళ్ళి, పాత పుస్తకాల షాపులో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల లెక్కల పుస్తకాలు కొనుక్కొచ్చాను. ఆరో తరగతి మొదటి పాఠం నుంచి పట్టాను. చాలావరకు వాడికి వచ్చినవే చెప్తున్నానని నాకు తెలియలేదు. పైగా చిన్నపిల్లల పుస్తకం ముందు కూర్చోవడం వాడికి నామోషీ. ఎవరైనా వస్తే దిండు కింద పెట్టేసేవాడు.

చివరికి ఒక రోజు వాడి నోట్సు తీసి, ఎర్ర ఇంకుతో కొట్టేసిన ఒక్క లెక్క మీద కూర్చున్నాను. x² − 5x + 6 ని కారణాంకాలుగా విడగొట్టాలి. వీడు (x − 6)(x + 1) అని రాశాడు. అదే లెక్కలో మైనస్ తీసేసి x² + 5x + 6 ఇచ్చాను. 5x ని 2x, 3x గా విడదీసి, కామన్ తీసి, (x + 2)(x + 3) అని నిమిషంలో చేసేశాడు. అంటే కారణాంకాలు వాడికి వచ్చు!

"మరి ఇందులో మైనస్ రెండు, మైనస్ మూడు ఎందుకు తీసుకోలేదురా?" అన్నాను.

"అవి కలిపితే ప్లస్ ఐదు వస్తుంది కదా పిన్నీ. మైనస్ మైనస్ ప్లస్సేగా."

గుణకారానికి చెప్పిన సూత్రాన్ని వీడు కూడికకీ వాడేస్తున్నాడు. వాడి లెక్క ప్రకారం −2 − 3 అంటే +5. అందుకని సరైన జత వాడికి ఎప్పటికీ దొరకదు. మైనస్ ఆరు, ప్లస్ ఒకటి కలిపితే మైనస్ ఐదు వచ్చింది కాబట్టి అది రాసేశాడు. "గుణిస్తే మైనస్ ఆరు వస్తుంది కదరా" అంటే, "తెలుసు, ఇంకేదీ కుదరలేదు" అన్నాడు. గండి ఉన్నది పూర్ణసంఖ్యల దగ్గర, అదీ ఆ ఒక్క చోట.

మీరూ ఇదే చేసి చూడండి. తప్పిన లెక్క పద్ధతి మార్చకుండా అంకెలు మాత్రం తేలిక చేయండి. మైనస్‌లు తీసేయండి, భిన్నాలుంటే మామూలు సంఖ్యలు పెట్టండి. అప్పుడు వచ్చిందంటే లోపం కింది తరగతులది. అప్పటికీ రాకపోతే పదో తరగతి పాఠమే అర్థం కాలేదని, దాన్నే మళ్ళీ చెప్పించాలి. ఒక్క లెక్క చూసి తేల్చేయకండి, నాలుగైదు చూడండి. తొందరలో జారిన తప్పు రకరకాలుగా ఉంటుంది. లోపం వల్ల వచ్చేది ప్రతిసారీ ఒకేలా ఉంటుంది.

కూడికకి నేను కిరాణా కొట్టు ఖాతా వాడాను. రెండు రూపాయల అప్పు ఉంది, ఇంకో మూడు రూపాయల సరుకు అప్పు తెచ్చావు, ఇప్పుడు ఎంత బాకీ? ఐదు రూపాయల బాకీ, అదే −5. గుణకారానికి మాత్రం అప్పు కథ సరిగ్గా అతకదు, పిల్లలు ఇంకా తికమక పడతారు. అక్కడ వరసగా రాయించాను:

2 × (−2) = −4
1 × (−2) = −2
0 × (−2) = 0
(−1) × (−2) = ?

ప్రతి వరసకీ రెండు పెరుగుతోంది కాబట్టి చివరిది +2 అని వాడే చెప్పాడు. అప్పటిదాకా అది వాడికి బట్టీ మాటే.

రోజూ ఇరవై నిమిషాలు, పది లెక్కలు. కూడికలు, గుణకారాలు కలిపే ఇవ్వాలి. విడివిడిగా ఇస్తే అన్నీ చేసేస్తాడు, కలిపితేనే పాత అలవాటు బయటపడుతుంది. పన్నెండు రోజులకి పదికి తొమ్మిది వచ్చాయి. మూడు రోజులు ఆపి, చెప్పకుండా మళ్ళీ ఇస్తే ఆరే వచ్చాయి. ఇంకో వారం చేయించాం.

ఈలోగా స్కూల్లో పాఠం ఆగదు కదా. ఆ రోజుల్లో వర్గ సమీకరణాల్లో ప్లస్‌లున్న లెక్కలే ఏరి ఇచ్చాను, పద్ధతి చేతిలో ఉండేలా. తర్వాత మైనస్‌లున్నవి అవే తేలికగా వచ్చాయి.

భిన్నాల దగ్గర లోపం ఉంటే మాత్రం ఇంత తొందరగా తేలదండీ. మావాడికి అదీ ఉంది, సంక్రాంతి సెలవులన్నీ దానికే పోయాయి. మీవాడు తప్పు చేసిన రెండు మూడు లెక్కలు, వాడు రాసినవి రాసినట్టే ఇక్కడ పెట్టండి, చూద్దాం.