మాడిన పాకం వేడి మీదే గీకాలి, మాడిన పాలు నానబెట్టి తీయాలి

ప్రశ్న: ఇండక్షన్ స్టవ్ మీద పాలు పొంగాయి, ఆ మర్నాడే పంచదార పాకం ఒలికింది. గిన్నె పెట్టే చోట నల్లగా అట్ట కట్టేసింది. గాజు మీద గీతలు పడకుండా ఎలా తీయాలి? స్క్రబ్బర్ వాడొచ్చా?

స్క్రబ్బర్ వద్దండీ. ఆకుపచ్చదీ వద్దు, స్టీలుదీ వద్దు. ఇంకో మాట, పాలనీ పాకాన్నీ ఒకేలా చూడకండి, నేను చేసిన తప్పు అదే.

మాది పర్లాకిమిడి. రెండేళ్ల కిందట సంక్రాంతికి అరిసెలు వండుతున్నాం, గ్యాస్ పొయ్యి మీద నూనె మూకుడు ఉంది కదా అని బెల్లం పాకం ఇండక్షన్ మీద పెట్టాను. మా అత్తయ్య అప్పటికే చెప్తోంది, ఆ అద్దం మీద పాకం ఏంటే అని. పాకం ముదిరిందో లేదో నీళ్లలో వేసి చూస్తుండగా అవతల గిన్నె పొంగి ఒక పక్కకి జారింది, గిన్నె అంచు చుట్టూ అరచేయంత మేర పాకం పరుచుకుంది. అరిసెల హడావిడిలో ఎవరు తుడుస్తారు, సాయంత్రం చూద్దాంలే అనుకున్నాను. సాయంత్రానికి అది రాయిలా బిగిసిపోయింది. వెన్న రాసే కత్తి మొన దాని కిందకి దూర్చి పైకి లేపాను. టక్కుమని ఊడింది, ఎంత సులువుగా వచ్చిందో అని సంతోషపడ్డాను కూడా. ఆ పెచ్చు తిరగేసి చూస్తే దాని అడుగున నువ్వుగింజంత నల్లటి గాజు ముక్క అంటుకుని ఉంది. స్టవ్ మీద అదే చోట చిన్న గుంట. ఇప్పటికీ గోరు పెట్టి రాస్తే అక్కడ తగులుతుంది.

ఇందులో కత్తి తప్పు సగమే. ఈ స్టవ్‌ల మీద ఉండేది మామూలు అద్దం కాదు, గ్లాస్ సెరామిక్. వేడెక్కినా చల్లారినా అది దాదాపుగా సాగదు, కుంచించుకోదు. పాకం అలా కాదు, వేడిగా ఉన్నప్పుడు గాజుని గట్టిగా పట్టుకుని, చల్లారేకొద్దీ కుంచించుకుంటుంది. కింద ఉన్న గాజు కదలదు, పైన పాకం లాగుతూ ఉంటుంది. ఆ లాగుడుకే గాజు పైపొర పెచ్చుగా లేచి రావచ్చు. నేను కత్తితో పొడిచి ఆ పని పూర్తి చేశానంతే. పాలకి ఈ గొడవ లేదు, అవి అంటుకుంటాయి కానీ గాజుని ఇలా పీకవు. అందుకే పాకం అయితే వేడి మీదే తీయాలి, పాలు అయితే చల్లారనిచ్చి తీరిగ్గా తీయాలి. మరి పంచదార వేసిన పాలు, సేమ్యా పాయసం, ఖీరీ లాంటివి? వాటిని పాకం కిందే లెక్కేసుకోండి. జామ్ కూడా అంతే.

ఇండక్షన్‌లో గాజు తనంతట తాను కాలదు, గిన్నె కాలి గాజుకి వేడి ఇస్తుంది. గిన్నెకి దూరంగా ఒలికింది ఊరికే ఎండి ఊరుకుంటుంది, తడిగుడ్డకి వచ్చేస్తుంది. గిన్నె అడుగుకి చేరింది మాత్రం రెంటి మధ్య నలిగి, నీరంతా ఆవిరైపోయి మాడుతుంది. అందుకే మరక ఎప్పుడూ గుండ్రంగా గిన్నె అచ్చులా కనిపిస్తుంది. గిన్నె అడుగు కూడా చూసుకోండి, అక్కడ ఎండిన బెల్లం పలుకు ఉండిపోయి గిన్నెని అటూ ఇటూ జరిపారంటే గీత పడడానికి అది చాలు.

ఇప్పుడు చేతిలో ఉండాల్సిన వస్తువు గురించి. అద్దాల మీద స్టిక్కర్లూ పెయింటు చుక్కలూ గీకే స్క్రేపర్ ఉంటుంది, పిడికి ఒకవైపే పదునున్న బ్లేడు బిగించి ఉంటుంది. నేను పాతపట్నంలో హార్డ్‌వేర్ షాపులో కొన్నాను. బ్లేడుతో గాజు గీసుకుపోదా అని మా వారు ఒకటే టెన్షన్. మోస్ కాఠిన్యం కొలత అని ఒకటుంది, అందులో అంకె పెద్దదైన వస్తువు చిన్నదాన్ని గీస్తుంది. ఈ గాజు సుమారు 6 దగ్గర ఉంటుంది, మామూలు స్టీలు బ్లేడు దానికి కాస్త తక్కువ. ఇసుక 7. ఆకుపచ్చ స్క్రబ్బర్లు చాలావాటిలో ఉండే అల్యూమినియం ఆక్సైడ్ పొడి 9. కాబట్టి గీతలు పడేది నున్నటి బ్లేడుతో కాదు, మనం మెత్తగా ఉందనుకునే స్క్రబ్బర్‌తోనూ, మా అత్తయ్య గిన్నెలు తోమే బూడిదలో ఉండే ఇసుక పలుకులతోనూ. అయితే బ్లేడు కొత్తదై ఉండాలి. తుప్పు పట్టినా, అంచు కొట్టుకుపోయినా పారేయండి. గడ్డం గీసుకునే పల్చటి బ్లేడు వద్దు, అది వంగి వేలు కోస్తుంది. స్టవ్ మీద అంకెలూ గీతలూ పైపైన ముద్రించి ఉంటే, చేత్తో తడిమితే తెలుస్తుంది, అక్కడ బ్లేడు పెట్టకండి, ప్రింటు లేచిపోతుంది.

పాకం ఒలికిన వెంటనే స్టవ్ ఆపండి, గిన్నెని పక్కకి ఈడ్చకుండా నిలువుగా పైకి లేపి తీయండి. ప్లగ్ మాత్రం అప్పుడే పీకకండి, లోపల ఫ్యాన్ ఇంకా తిరుగుతూ ఉంటుంది, దాన్ని తిరగనివ్వాలి. (పాకమో పాలో గాలి కన్నాల్లోంచి లోపలికి పోయిందనిపిస్తే అప్పుడు ఇవేమీ ఆలోచించకుండా గోడ దగ్గర స్విచ్ ఆపేయండి, మెకానిక్ చూసేదాకా మళ్లీ వేయొద్దు.) చేతికి మందపాటి గ్లవ్ వేసుకోండి, కాగిన పాకం చర్మానికి అంటితే వదలదు, ఈ పని జరిగేటప్పుడు పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి. స్క్రేపర్‌ని బాగా వాల్చి పట్టుకోండి, 30 డిగ్రీలన్నమాట, దోసె కిందకి అట్లకాడ తోసినట్టు. మరక బయటి అంచు నుంచి చల్లటి గాజు వైపుకి తోయండి, తోసిన ప్రతిసారీ బ్లేడుని పాత గుడ్డకి తుడవండి. తడిగుడ్డ వేయకండి, ఆవిరి కొట్టి చేయి కాలుతుంది, పైగా మీది గ్లాస్ సెరామికో మామూలు టఫెన్డ్ గ్లాసో మీకు తెలియకపోతే చన్నీళ్లు అసలు ప్రమాదం. మొత్తం రానక్కర్లేదు, మందంగా ఉన్నది పోతే చాలు, మిగిలిన పల్చటి పొర చల్లారాక తడితో పోతుంది.

మీది ఆల్రెడీ చల్లారి బిగిసిపోయింది కదా, నాలాగా పొడవకండి. పంచదార ఎంత గట్టిపడినా నీళ్లలో కరుగుతుంది, నలుపు కరగదు కానీ ఆ నలుపుని పట్టి ఉంచింది పంచదారే. ప్లగ్ తీసేసి, వేడినీళ్లలో ముంచి బాగా పిండిన గుడ్డని మరక మీద పరిచి, పైన స్టీలు పళ్లెం బోర్లించండి, తడి ఆరకుండా. అరగంటకోసారి గుడ్డ మార్చండి. నీళ్లు కారేంత తడి వద్దు, గాజుకీ ప్లాస్టిక్ బాడీకీ మధ్య సందులోంచి లోపలికి పోతాయి. గుడ్డకి గోధుమరంగు అంటుతోందంటే కరుగుతోందన్నమాట. నాకు పోయినేడు ఇలాంటి మచ్చకే నాలుగు గుడ్డలు పట్టాయి, అంటే రెండు గంటలు. చివర్న అది జిగటగా అయ్యాక స్క్రేపర్ వాల్చి తోస్తే మైనంలా లేచి వచ్చింది. లేవకపోతే బలం పెట్టకండి, ఇంకో గుడ్డ వేయండి.

పాలకి చాలామంది చేసే పొరపాటు, ముందే నిమ్మచెక్క రుద్దడం. పాలలో పులుపు పడితే ఏమవుతుందో మనకి తెలియనిదా, విరుగుతాయి. మాడిన పాలలోని ప్రోటీన్‌ని కూడా పులుపు ఇంకా బిగిస్తుంది కానీ వదిలించదు. పాలకి సోడా కావాలి. పూర్తిగా చల్లారాక, ప్లగ్ తీసేసి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన వేడి తడిగుడ్డ ఒక ఇరవై నిమిషాలు పరవండి. పొర ఉబ్బి తెల్లగా మెత్తబడుతుంది, సగం అక్కడే పోతుంది. మిగిలిన గోధుమరంగు మీద రెండు చెంచాల వంటసోడాలో ఒక చెంచా నీళ్లు కలిపి ముద్దలా రాసి పావుగంట ఉంచండి. తర్వాత మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గుండ్రంగా తుడవండి. సోడా పలుకు గాజు కంటే చాలా మెత్తన, గీయదు. ఇంకా ఏమైనా ఉంటే సబ్బునీళ్ల తడి మీదే స్క్రేపర్ వాడండి, పొడిగా వద్దు. ఆ తర్వాత శుభ్రమైన తడిగుడ్డతో రెండుసార్లు తుడవండి, సోడా మిగిలితే తెల్లటి పొర కడుతుంది.

వెనిగర్ పని అప్పుడే. మా బోరు నీళ్లకి తెల్లటి చారలు పడతాయి, వాటికి వెనిగర్, నీళ్లు సమంగా కలిపి చల్లటి గాజు మీద తుడిస్తే పోతాయి. సోడా, వెనిగర్ రెండూ ఒకేసారి కలిపి పోసి బుసబుసా పొంగుతుంటే శుభ్రమవుతోందనుకునే వీడియోలు చూస్తే నాకు నవ్వొస్తుంది, ఒకదాని గుణాన్ని ఇంకోటి చంపేసుకోవడం తప్ప అక్కడేం జరగదు. బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. మిగిలిపోయిన మందు మీద మళ్లీ గిన్నె పెట్టి కాచితే వచ్చే ఘాటు వంటింట్లో నిలవనివ్వదు.

అన్నీ అయ్యాక ఇంకా మచ్చ కనిపిస్తుంటే, అది మరకో గుంటో చూసుకోండి. కళ్లు మూసుకుని గోరుతో మెల్లగా అడ్డంగా రాయండి. గోరు పైకి ఎక్కి దిగితే ఇంకా మాడు ఉంది, నానబెట్టొచ్చు. గోరు లోపలికి దిగితే అది గాజు పోయిన చోటు, ఏం రాసినా రాదు, రుద్దితే చుట్టుపక్కల పాడవుతుంది. ఏదీ తగలకుండా బూడిదరంగు గీతలా కనిపిస్తే అది చాలాసార్లు గిన్నె లోహం అంటింది, సోడా ముద్దతో మెల్లగా పోతుంది. గుంట ఒక్కటే ఉంటే వాడుకోవచ్చు, నేను వాడుతున్నాను. దాని నుంచి వెంట్రుకలాంటి పగులు మొదలైతే మాత్రం ప్లగ్ పీకి పక్కన పెట్టేయండి, ఆ పగులులోంచి పాలు దిగితే కింద కరెంటు ఉంది.

మా అత్తయ్య ఇప్పుడు పాకం గ్యాస్ మీదే పెడుతుంది, నూనె మూకుడు ఇండక్షన్ మీదకి మారింది.